ఎవరి పచ్చడికి మన కారం?

నర్సంపేట నుంచి మహబూబాబాద్ పోయే దారిలో గూడూరు వస్తుంది. ఆ చుట్టుపక్కల రైతులు భయభక్తులతో లెక్కలు వేసుకునే పంట మిర్చి. కాయ ఎండాక బస్తాలకెత్తి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు తోలడం ఏళ్లుగా అలవాటైన పని. అక్కడ సరుకు తన గురించి తాను చెప్పుకోనక్కర లేదు. తేజా, వండర్ హాట్, దీపిక, టమాటా అంటూ రకాన్ని బట్టి కుప్పలు వేరవుతాయి. ఖరీదుదారు కాయను చేత్తో నలిపి తేమ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు, ధర చెబుతాడు.

అదే కాయను పొడి పట్టించి, ప్యాకెట్‌లో పోసి, పేరు పెట్టి అమ్మాలనుకున్న రోజున ఈ పద్ధతి పనిచేయదు. ప్యాకెట్‌ను ఎవరూ నలిపి చూడలేరు. అది ఎవరి కోసం చేసిందో, ఏ పనికి పనికొస్తుందో అమ్మేవాళ్లు చెప్పకపోతే కొనేవాళ్లు పక్కనున్న ప్యాకెట్ ధర చూసి, తక్కువున్నది తీసుకుని వెళ్లిపోతారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పోల్చడానికి మనం వాళ్లకు ధర తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

ఈ అధ్యాయం పొజిషనింగ్ స్టేట్‌మెంట్ గురించి. మన సరుకు కొనేవాళ్ల మనసులో ఎక్కడ కూర్చోవాలో మనకు మనం ముందే రాసిపెట్టుకునే ఒకటి రెండు వాక్యాలివి. ఈ ఆలోచనకు అమెరికాలో జాక్ ట్రౌట్ 1969లో పొజిషనింగ్ అని పేరు పెట్టాడు. తర్వాత అల్ రీస్‌తో కలిసి 1972లో రాసిన వ్యాసాలతో, 1981లో వచ్చిన పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. ఖాళీలు పూరించే నమూనాగా దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది జెఫ్రీ మూర్. 1991లో వచ్చిన ఆయన పుస్తకం కంప్యూటర్ కంపెనీల కోసం రాసింది. నమూనా మాత్రం మిర్చికీ సరిపోతుంది. పొజిషనింగ్ స్టేట్‌మెంట్‌లో తప్పనిసరిగా ఉండాల్సినవి నాలుగు: ఎవరికి, ఏ రకం సరుకుగా, ఏ మేలు, నమ్మడానికి ఏమిటి ఆధారం. మన భాషలో దాన్ని ఇలా పెట్టుకోవచ్చు:

“ఫలానా ఇబ్బంది ఉన్న ఫలానా వాళ్లకు, ఫలానా రకం సరుకుల్లో, ఫలానా మేలు చేసేది మాది. నమ్మడానికి ఆధారం ఇదీ.”

చదవడానికి తేలిక. రాయబోతే ప్రతి ఖాళీ దగ్గరా ఎవరినో ఒకరిని వదులుకోవాల్సి వస్తుంది. కష్టమంతా ఆ వదులుకోవడంలోనే ఉంది. ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని నడుద్దాం.

సరుకు ఏమిటి?

గూడూరు మండలంలో పదిహేను మంది మిర్చి రైతులు ఒక సంఘంగా చేరారని అనుకుందాం. తలా కొంత పక్కన పెట్టి ఇరవై క్వింటాళ్ల చపాటా కాయను మార్కెట్‌కు తోలకుండా, పొడి పట్టించి అమ్మాలన్నది వాళ్ల ఆలోచన. ఈ సంఘం ఊహించుకున్నదే గానీ చపాటా మాత్రం నిజం. టమాటాలా గుండ్రంగా, పొట్టిగా ఉండే కాయ కాబట్టి దాన్ని టమాటా మిర్చి అని కూడా అంటారు. ఎరుపు బాగా ఎక్కువ, ఘాటు తక్కువ. దుగ్గొండి మండలం తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ దీనికి భౌగోళిక గుర్తింపు కోరింది. మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్న మల్యాల ఉద్యాన పరిశోధన కేంద్రం ఆ పనిలో తోడు నిలిచింది. 2025లో ‘వరంగల్ చపాటా మిర్చి’కి ఆ గుర్తింపు వచ్చింది.

మిర్చిలో మంటకూ ఎరుపుకూ కారణాలు వేరు వేరు. మంట క్యాప్సైసిన్ వల్ల వస్తుంది, ఎరుపు ప్రధానంగా క్యాప్సాంథిన్ వల్ల. ఒకటి ఎక్కువున్న కాయలో రెండోదీ ఎక్కువ ఉండాలని లేదు. తేజాలో మంట ఎక్కువ. చపాటాలో రంగు ఎక్కువ, మంట తక్కువ. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సంఘం మొదటిసారి కూర్చుని రాసే వాక్యం ఎలా ఉంటుందో చెప్పడం పెద్ద కష్టం కాదు. “కల్తీ లేని, స్వచ్ఛమైన, నాణ్యమైన కారం పొడిని అన్ని కుటుంబాలకూ అందుబాటు ధరలో అందించడం మా లక్ష్యం.” వినడానికి బాగుంది, తప్పు అని ఎవరూ అనరు. కానీ ఈ వాక్యంలో చపాటా ఎక్కడుంది? గుంటూరు నుంచి వచ్చే ఏ కారం ప్యాకెట్ మీద అచ్చేసినా ఇది అతుకుతుంది. ఉప్పు ప్యాకెట్ మీద కూడా, ఒక్క మాట మారిస్తే చాలు. పోటీదారు పేరు పెట్టి చదివినా నిజంగానే వినిపించే వాక్యం మన చోటును చెప్పడం లేదని అర్థం. రాసిన ప్రతి ముసాయిదాకూ మొదట పెట్టాల్సిన పరీక్ష ఇదే.

ఎవరికి?

సంఘం ముందు మూడు రకాల కొనుగోలుదారులున్నారు.

మొదటివాళ్లు మిర్చి నుంచి ఓలియోరెసిన్ అనే చిక్కటి సారం తీసే కంపెనీలు. రంగు కోసం చపాటా లాంటి కాయ వాళ్లకు కావాలి. కేరళలో కొచ్చి చుట్టుపక్కల ఈ పరిశ్రమ పెద్దది. కానీ వాళ్లు పొడి ప్యాకెట్లు కొనరు, లారీల లెక్కన కాయ కొంటారు. ప్రయోగశాల కొలిచిన రంగు విలువను బట్టి ధర కడతారు, పురుగుమందుల అవశేషాల పరీక్ష అడుగుతారు. ఇరవై క్వింటాళ్ల సంఘానికి అది ఇప్పట్లో అందే బేరం కాదు.

రెండోవాళ్లు ఇళ్లు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, ఎందుకంటే కారం అనగానే ఇల్లే గుర్తుకొస్తుంది. మన వైపు ఇంటావిడ కారం ఎలా సమకూర్చుకుంటుందో చూడండి. ఎండాకాలంలో కాయ కొని, ఎండబెట్టి, తొడిమె తీసి, గిర్నిలో దగ్గరుండి పట్టించుకుంటుంది. రోజూ కూరలో ఎంత వెయ్యాలో ఆ చేతికి తెలుసు. చపాటా పొడిని అదే కొలతలో వేస్తే కూర ఎర్రగా కనిపిస్తుంది, నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంటుంది. “ఇదేం కారం, ఎంతేసినా మంట లేదు” అని రెండోసారి కొనదు. ఆమె మాట నిజమే. ఆమె పనికి ఇది సరైన సరుకు కాదు.

మూడోవాళ్లు ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు. హన్మకొండలో, హైదరాబాద్‌లో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకు పంపే తల్లిదండ్రులు వీళ్ల దగ్గర కిలోల లెక్కన కొంటారు. వీళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మామిడి ఆవకాయలో కారం మంట కోసమే కాదు. ఆవపిండితో, నూనెతో కలిసి ముక్కను పట్టుకునే గుజ్జులో పెద్ద భాగం కారమే. అక్కడ పెరిగిన పిల్లలు మంట తట్టుకోలేకపోతున్నారని కారం తగ్గిస్తే గుజ్జు తగ్గుతుంది, ఎరుపు తగ్గుతుంది, సీసాలో పచ్చడి పాలిపోయి కనిపిస్తుంది. తగ్గించకపోతే ‘మరీ మంటగా ఉంది’ అని ఫోన్ వస్తుంది.

చపాటా పుట్టిందే ఈ చిక్కు కోసమా అనిపిస్తుంది. కొలత తగ్గించకుండానే మంట తగ్గుతుంది.

ఇంకో లెక్క కూడా చూడాలి. తొడిమె, తాలు, పట్టింపులో తరుగు అన్నీ పోగా పదిహేను క్వింటాళ్ల పొడి చేతికొస్తుందనుకుందాం. ఇంటికి రెండు కిలోల చొప్పున అమ్మాలంటే 750 ఇళ్లు కావాలి. సీజన్‌కు యాభై కిలోలు కొనే పచ్చళ్లవాళ్లయితే ముప్పై మంది చాలు. ముప్పై మంది పేర్లు, ఫోన్ నంబర్లు ఒక నోట్‌బుక్‌లో పట్టేస్తాయి. పదిహేను మంది రైతులు తలా ఇద్దరిని చూసుకుంటే సరిపోయింది. కొనేవాళ్లను ఎంచుకునేటప్పుడు వాళ్ల అవసరంతో పాటు, వాళ్లందరినీ కలిసే శక్తి మనకుందా అని కూడా చూసుకోవాలి. చాలా పుస్తకాలు ఈ రెండో ప్రశ్న అడగవు.

‘పచ్చళ్లు అమ్మేవాళ్లు’ అని ఊరుకుంటే కూడా చాలదు. గోంగూర పచ్చడి ప్రధానంగా అమ్మేవాళ్లకు ఎరుపుతో పనిలేదు. ఘాటే మా ప్రత్యేకత అని చెప్పుకునేవాళ్లు మన దగ్గరికి రారు. విదేశాలకు, పిల్లలున్న ఇళ్లకు ఆవకాయ, మాగాయ పంపేవాళ్లు మన మనుషులు. ఇబ్బంది పేరుతో సహా రాసినప్పుడే మొదటి ఖాళీ నిండినట్టు.

ఏ రకం సరుకుగా?

నాలుగు ఖాళీల్లో దీన్నే అందరూ తొందరగా దాటేస్తారు. “కారం పొడి అమ్ముతున్నాం కాబట్టి కారం పొడి” అని రాసేస్తారు. నిజానికి ఈ ఖాళీలో ఏం రాస్తామో దాన్ని బట్టే మనల్ని ఎవరితో పోలుస్తారో, ఎంత ధర న్యాయమనుకుంటారో తేలిపోతుంది.

‘కారం పొడి’ అన్నామనుకోండి, కొనేవాళ్లు వెంటనే ఘాటు చూస్తారు. తేజా పొడి పక్కన పెట్టి నాలిక మీద వేసుకుంటారు. ఆ పోటీలో చపాటా ప్రతిసారీ ఓడిపోతుంది. మంచి సరుకును ఓడిపోయే పందెంలో నిలబెట్టింది మనమే.

‘కశ్మీరీ కారం లాంటిది’ అనవచ్చు. మంట తక్కువ, రంగు ఎక్కువ అని చెప్పకుండానే అర్థమవుతుంది, హోటళ్లవాళ్లకు అది తెలిసిన మాటే. కానీ అప్పుడు దేశమంతా అమ్మే పెద్ద బ్రాండ్ల పక్కన, భౌగోళిక గుర్తింపు ఎప్పుడో తెచ్చుకున్న కర్ణాటక బ్యాడగి మిర్చి పక్కన కూర్చుంటాం. వాళ్ల దగ్గర పేరుంది, సరుకుంది. మనం ఆ వరసలో ‘ఇంకొకటి’ అవుతాం. పైగా ‘లాంటిది’ అన్న మాటతో మొదలుపెట్టిన సరుకుకు అసలుదాని కంటే ఎక్కువ ధర అడగడం కష్టం.

‘రంగు కారం’ అంటే? వద్దే వద్దు. ఎందుకో ఆధారం గురించి మాట్లాడుకునేటప్పుడు చూద్దాం.

మిగిలింది ‘పచ్చడి కారం’. ఇది మనం కొత్తగా పుట్టించిన వర్గం కాదు. వేసవి రాగానే పచ్చళ్ల కోసం ప్రత్యేకంగా కారం ప్యాకెట్లు దుకాణాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. పచ్చడి కోసం వేరే కారం కొనడం, దానికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడం జనానికి అలవాటే. ఆ వర్గంలో అడిగే ప్రశ్నలు వేరు. ఎర్రగా ఉందా, మెత్తగా పట్టించారా, తొడిమె కలిసిందా, పచ్చడి నిలవుంటుందా? వీటిలో చాలావాటికి చపాటా దగ్గర జవాబుంది. కొనేవాళ్లకు ఇప్పటికే తెలిసిన వర్గాల్లో మన బలం కనిపించేదాన్ని వెతకాలి. పూర్తిగా కొత్త వర్గం పేరు కనిపెడితే అదేమిటో నేర్పడానికే డబ్బంతా ఖర్చవుతుంది. చిన్న సంఘానికి ఆ సరదా తగదు.

ఏ మేలు?

ఒక్కటే. సంఘంలో కూర్చున్నవాళ్లు కనీసం ఆరు చెబుతారు: ఎరుపు, తక్కువ మంట, స్వచ్ఛత, రైతు దగ్గర నుంచి నేరుగా, ఊరి మహిళలు తొడిమె తీసింది, న్యాయమైన ధర. అన్నీ నిజమే కావచ్చు. ఆరూ రాస్తే వినేవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు. ఏది ఉంచాలో తేల్చడానికి మన ఇష్టాన్ని పక్కన పెట్టి, మొదటి ఖాళీలో రాసిన మనిషి ఇబ్బందిని చూడాలి. ఆమె చిక్కు మంటకూ గుజ్జుకూ మధ్య ఉంది. కాబట్టి మేలు ఇది: “కారం కొలత తగ్గించకుండానే పచ్చడి మంట తగ్గుతుంది, ఎరుపు తగ్గదు.”

‘ఎక్కువ ఎరుపు’ అనేది సరుకు గుణం. కొలత తగ్గించనక్కర లేకపోవడం ఆమెకు జరిగే మేలు. మొదటిది మన చేను గురించి చెబుతుంది, రెండోది ఆమె జాడీ గురించి చెబుతుంది. ఈ తేడా పట్టుకోవడానికి ఒక పద్ధతుంది. రాసిన మాట చివర ‘అయితే నాకేంటి?’ అని అడగండి. దానికి ఇంకో జవాబు వస్తోందంటే మేలు దాకా ఇంకా రాలేదన్నమాట.

ఇక్కడ నాలుక జారే అవకాశం కూడా ఎక్కువ. ఎవరో ఒకరు ఉత్సాహంగా “ఏడాదంతా ఎరుపు మారదు అని రాద్దాం” అంటారు. మిర్చి ఎరుపు వెలుతురుకు, గాలికి, వేడికి తగ్గుతుంది. జాడీ ఎక్కడ పెట్టారు, నూనె ముక్క పైదాకా తేలిందా, ఉప్పు సరిపోయిందా అన్న వాటిని బట్టి రంగు నిలవడం మారుతుంది. చపాటా మొదట ఎర్రగా ఉంటుందన్నది తెలిసిన విషయం. ఏడాది తర్వాత ఎలా ఉంటుందో చూడకుండా మాటివ్వకూడదు.

చూడటం పెద్ద ఖర్చేమీ కాదు. ఒకే చెట్టు మామిడికాయ, ఒకే నూనె, ఒకే ఉప్పు, ఒకే ఆవపిండితో మూడు చిన్న గాజు సీసాల్లో ఆవకాయ పెట్టండి. ఒకదానిలో తేజా పొడి, ఒకదానిలో చపాటా పొడి, ఇంకోదానిలో సగం సగం. కారం కొలత మూడింటిలోనూ ఒకటే. మూడూ ఒకే అలమరలో పెట్టండి. ముక్క ఊరాక ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి తీసి, ఏది ఏదో చెప్పకుండా పచ్చళ్లు పెట్టేవాళ్లకే రుచి చూపించండి. సగం సగం కలిపినదే అందరికీ నచ్చే అవకాశం చాలా ఉంది. అలా జరిగితే నిరాశపడొద్దు. ‘మీ కారంలో సగం మాది కలపండి’ అన్నది ‘మీ కారం మానేసి మాది వాడండి’ అన్న మాట కంటే తేలిగ్గా ఒప్పుకునే మాట. అప్పుడు మేలు వాక్యాన్ని దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

నమ్మడానికి ఏమిటి ఆధారం?

మామూలు సరుకులకు ఈ ఖాళీ ఒక అలంకారం. ఎర్రటి కారానికి మాత్రం ఇదే ప్రాణం. ఎందుకంటే కారం ఎంత ఎర్రగా ఉంటే అనుమానం అంత పెరుగుతుంది. ‘రంగు కారం’ అన్న పేరు వద్దన్నది అందుకే. వినేవాళ్లకు రంగు కలిపిన కారమనే తోస్తుంది.

ఆ అనుమానానికి చరిత్ర ఉంది. 2003లో ఫ్రాన్స్‌లో, మన దేశం నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సుడాన్-1 అనే పారిశ్రామిక రంగు బయటపడింది. తిండిలో వాడకూడని రంగు అది. 2005లో బ్రిటన్‌లో అదే రంగున్న కారం ఒక సాస్‌లోకి, దాని నుంచి వందల తయారు వంటకాల్లోకి చేరిందని తేలి అన్నింటినీ దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. మన ఆహార చట్టం ప్రకారం కారం పొడిలో బయటి రంగు ఏదీ కలపకూడదు. అయినా కొనేవాళ్ల మనసులో శంక పోలేదు, విదేశాలకు పచ్చళ్లు పంపేవాళ్లకు ఇంకా ఎక్కువ.

అలాంటి మనిషికి ఏం చూపిస్తే నమ్ముతుంది? మొదట మనకు తోచేవి చూద్దాం. “తాతల కాలం నుంచి పండిస్తున్నాం.” గౌరవించాల్సిన మాటే. కానీ అది మంట తక్కువని గానీ రంగు కలపలేదని గానీ నిరూపించదు. “గ్లాసు నీళ్ల మీద చల్లి చూడండి.” ఆహార భద్రత సంస్థ ఇంట్లో చేసుకునే పరీక్షగా చెప్పిందే ఇది. నీటిలో కరిగే రంగు కలిపి ఉంటే చారలు చారలుగా కిందికి దిగుతుంది. కానీ సుడాన్ నూనెలో కరిగే రంగు, నీళ్ల గ్లాసు దాన్ని పట్టివ్వదు. ఈ సంగతి తెలిసిన పచ్చళ్లావిడ ముందు గ్లాసు పెడితే మన పరువే పోతుంది.

గట్టి ఆధారం ప్రయోగశాల కాగితం. మూడు పరీక్షలు చాలు: రంగు విలువ, ఘాటు, సుడాన్ రంగులు లేవన్న నిర్ధారణ. రంగు విలువను అమెరికా మసాలా వ్యాపారుల సంఘం పేరు మీద ‘ఆస్టా’ యూనిట్లలో చెబుతారు. ఘాటును స్కోవిల్ యూనిట్లలో చెబుతారు. మసాలా బోర్డుకు గుంటూరులో నాణ్యత పరీక్షల ప్రయోగశాల ఉంది. ఇతర గుర్తింపు పొందిన ప్రయోగశాలలూ చేస్తాయి. ఇక్కడ మరిచిపోకూడని సంగతి, కాగితం ఆ నమూనాకే చెల్లుతుంది. నిరుడు చేయించిన కాగితాన్ని ఈ ఏటి సరుకుకు చూపించడం ఆధారం కాదు. పట్టించిన ప్రతి లాట్‌కూ ఒక నంబరు వేసి, ఆ నంబరు ప్యాకెట్ మీదా కాగితం మీదా ఒకటిగా ఉండేలా చూడాలి. ఇరవై క్వింటాళ్లను నాలుగు లాట్లుగా పట్టిస్తే నాలుగు కాగితాలు. ఆ ఖర్చును ధరలో ముందే కలుపుకోవాలి.

ఇంతలో ఎవరో “మనకు భౌగోళిక గుర్తింపు ఉంది కదా” అంటారు. ఇక్కడ కాస్త ఆగాలి. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం ఆ పేరు, ముద్ర వాడుకునే హక్కు రెండు షరతుల మీద వస్తుంది. సరుకు నమోదు పత్రంలో చూపిన హద్దుల్లో పండి ఉండాలి. పండించినవాళ్లు చెన్నైలోని రిజిస్ట్రీ దగ్గర అధీకృత వాడకందారులుగా నమోదై ఉండాలి. వేరే మండలం వాళ్లకు వచ్చిందని మనం అచ్చేసుకోవడం కుదరదు. కాబట్టి గూడూరు సంఘం ముందు పటం తెప్పించుకుని తమ చేలు అందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఉంటే దరఖాస్తు పెట్టుకోవాలి. చేతికి వచ్చేదాకా ఆ మాట వాక్యంలో రాయకూడదు. హద్దులు దాటి ఉంటే ఆ ఆధారం మనది కాదు, అంతే. ప్రయోగశాల కాగితం మాత్రం హద్దులతో సంబంధం లేకుండా మనదే.

ఇంకొకటి. ఆధారం మనం చెప్పిన మేలునే నిరూపించాలి. భౌగోళిక గుర్తింపు కాయ ఎక్కడిదో, దాని స్వభావం ఏమిటో చెబుతుంది గానీ ఈ ప్యాకెట్‌లో ఉన్నది అదే అని చెప్పదు. అందుకే అది దొరికినా లాట్ కాగితాన్ని మానకూడదు.

వాక్యం

ఇప్పుడు నాలుగూ కలిపి రాద్దాం.

“విదేశాలకు, పిల్లలున్న ఇళ్లకు ఆవకాయ, మాగాయ పంపుతూ మంట ఎక్కువైందన్న మాట పడుతున్న హన్మకొండ, హైదరాబాద్ ఇంటి పచ్చళ్ల తయారీదారులకు, పచ్చడి కారాల్లో కొలత తగ్గించకుండానే మంట తగ్గించి ఎరుపు తగ్గనివ్వనిది మా చపాటా కారం. ఆధారం: తొడిమె, తాలు తీసిన ఒకే రకం కాయ, ప్రతి లాట్‌కూ రంగు, ఘాటు, సుడాన్ పరీక్షల కాగితం.”

చదవడానికి ముచ్చటగా లేదు కదా? ఉండనక్కర లేదు. ఇది ప్యాకెట్ మీద అచ్చేసే నినాదం కాదు, ఆటో వెనక రాయించేది కాదు. సంఘం కార్యాలయంలో గోడకు అంటించుకునే కాగితం. నినాదం కావాలంటే తర్వాత ఎవరైనా రాసిపెడతారు. ఈ కాగితం చేసే పని, వాదనలు తెంచడం.

ఎలాగో చూడండి. వంద గ్రాముల ప్యాకెట్లు చేద్దామా? వద్దు, పచ్చళ్లవాళ్లు వంద గ్రాములు కొనరు, కిలో, ఐదు కిలోల సంచులు చాలు. కిరాణా దుకాణాలకు వేద్దామా? ఇప్పుడు కాదు. ఎప్పుడు పట్టించాలి? మన వైపు కాయ జనవరి నుంచి వస్తుంది, ఆవకాయ హడావిడి ఏప్రిల్ నుంచి జూన్ దాకా, కాబట్టి మార్చి ఆఖరుకు మొదటి లాట్ కాగితంతో సహా సిద్ధంగా ఉండాలి. మిగిలిన కాయను పొడిగా నిలవపెట్టడం కంటే కాయగానే కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అడిగినప్పుడు పట్టించడం మేలు, పొడిలో ఎరుపు త్వరగా పోతుంది. ఎవరైనా వచ్చి ‘మీ కారంలో మంట లేదు’ అంటే కంగారుపడి తేజా కలపాలా? అక్కర్లేదు, ఆ వచ్చినవాళ్లు వాక్యంలో లేరు. ఈ ప్రశ్నలకు కాగితం జవాబు చెప్పలేకపోతే వాక్యం ఇంకా మెత్తగా ఉందని తెలుసుకోవాలి.

చదివి వినిపించడం

రాసినవాళ్లకు తమ వాక్యం ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది. అందుకని ఐదారుగురు పచ్చళ్లవాళ్ల దగ్గరికి అర కిలో నమూనా పట్టుకుని వెళ్లాలి. వాక్యం మొత్తం చదివి ‘బాగుందా అక్కా?’ అని అడిగితే బాగుందనే అంటారు, మొహమాటం మన జాతి లక్షణం. దానికి బదులు మేలు ఒక్కటీ చెప్పి, కాగితం చేతిలో పెట్టి, ఊరుకోవాలి. తర్వాత వాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న రాసుకోవాలి.

“మరి నా తేజా ఎంతకొస్తుందో తెలుసా తమ్మీ?” అన్నారంటే మనం ఇంకా మామూలు కారం వరసలోనే ఉన్నాం, రెండో ఖాళీ చెదిరింది. “ఇంత ఎర్రగ ఎట్లుంటది, ఏమన్న కలిపిన్రా?” అంటే మేలు చేరింది, ఆధారం చేరలేదు. కాగితాన్ని ముందే చూపాలి, లేదా అది అర్థమయ్యేలా లేదు. “మా దగ్గర కొనేటోళ్లు మంటనే అడుగుతరు” అంటే తప్పు మనిషి దగ్గరికి వచ్చాం, దండం పెట్టి వచ్చేయొచ్చు. “ఐదు కిలోలకు ఎంతకిస్తవ్?” అంటే నాలుగు ఖాళీలూ కుదిరాయి. ఒక్కరు అన్నదానికే వాక్యం మార్చొద్దు. ముగ్గురు నలుగురు ఒకే చోట తడబడితే అక్కడే మార్చండి, మిగతా మూడు ఖాళీలూ కదిలించకుండా.

సంఘం పెరిగి, వందల క్వింటాళ్లు చేతికొచ్చి, ఓలియోరెసిన్ కంపెనీ లారీ పంపిస్తానన్న రోజున ఈ వాక్యం పనికిరాదు. అప్పుడు కొనేవాళ్లు మారతారు కాబట్టి రకం, మేలు, ఆధారం అన్నీ మారతాయి. కొత్త కాగితం మీద మొదటి నుంచి రాయాలి. పాతదానికే ఇంకో మాట అతికిస్తే మళ్లీ ‘అన్ని కుటుంబాలకూ’ దగ్గరికే చేరతాం.

మీరు అమ్మేది పసుపైనా, తేనైనా, కుట్టు పనైనా, మొదట వాక్యం రాయండి, ప్యాకెట్ బొమ్మ తర్వాత గీయించండి. రాసిన దాన్ని మీ పోటీదారు పేరుతో ఒకసారి పైకి చదవండి. అప్పుడూ నిజంగానే వినిపిస్తే మొదటి ఖాళీ దగ్గరికి తిరిగి వెళ్లండి.